‘విజయవాడ వెళ్ళాడు’లో కర్మ ఉందా?

ప్రశ్న: మాది గుంటూరు, అరండల్‌పేట. సాయంత్రం పూట ఇంట్లోనే ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు పదకొండు మందికి తెలుగు ట్యూషన్ చెబుతాను. ‘క్రియను ఏమి అని ప్రశ్నించు, జవాబు వస్తే సకర్మకం, రాకపోతే అకర్మకం’ అని నేర్పాను. నేను చదువుకున్నదీ అలాగే. మొన్న యూనిట్ టెస్టులో ‘అన్నయ్య విజయవాడ వెళ్ళాడు’, ‘పాలు పొంగాయి’, ‘నాకు ఆ సంగతి తెలుసు’ ఈ మూడూ సకర్మకాలని, ‘తాతయ్య తిన్నాడు’ అకర్మకమని మా పిల్లలు రాశారు. నాలుగూ తప్పని బడిలో కొట్టేశారు. ‘అమ్మ నన్ను ఒక మాట అడిగింది’ ద్వికర్మకమని ఒక పిల్లాడు రాస్తే, ‘కి’ లేదు కాబట్టి కాదని అదీ కొట్టేశారు. ఆ పిల్లాడి నాన్న వచ్చి మా అత్తగారి ముందే ‘మీకే రానిది పిల్లలకేం చెబుతారండీ’ అనేసి వెళ్ళారు. మావారు ట్యూషన్లు మానెయ్యమంటున్నారు. తప్పు నాదేనా? పిల్లలకి ఇప్పుడేమని చెప్పను? తేలిగ్గా పట్టుకునే పరీక్షలేమైనా ఉన్నాయా?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఐదింట్లో నాలుగు వాక్యాలకి బడిలో వేసిన మార్కు సరైనదే. ఐదోదాన్లో మాత్రం మీ పిల్లాడిదే ఒప్పు, దిద్దినవారిదే పొరపాటు. ఆ సంగతి చివర్లో చూద్దాం. ముందు ఆ నాలుగూ ఎక్కడ జారాయో తేలాలి. వాటిలో మూడు ఒక్క మాట దగ్గరే జారాయి. అది ‘ఏమి’.

తెలుగులో ‘ఏమి’ రెండు పనులు చేస్తుంది. ‘ఏమి పడింది?’ అంటే కాయ పడిందని జవాబు. అక్కడ కాయ కర్త. ‘ఏమి తిన్నావు?’ అంటే కాయ తిన్నానని జవాబు. ఇక్కడ కాయ కర్మ. ప్రాణం లేని వస్తువులకి కర్మలో కూడా ‘ను, ని’ తగిలించకుండా వదిలేయడం మన అలవాటు కాబట్టి రెండు చోట్లా మాట ఒకేలా కనిపిస్తుంది. ‘ఏమి పొంగాయి?’ అని మీ పిల్లలు అడిగారు. ‘పాలు’ అని జవాబొచ్చింది, సకర్మకమని రాశారు. మీరు చెప్పినట్టే చేశారు పాపం. నియమంలో ఉద్దేశం సరైనదే కానీ, ప్రశ్నగా పెట్టిన మాట సరైనది కాదు.

‘ఏమి’ బదులు ‘దేన్ని, ఎవరిని’ అని అడిగించండి. అడిగేటప్పుడు కర్తను వాక్యంలోనే ఉంచమనండి. ‘పాలు దేన్ని పొంగాయి?’ అని నోటితో అనేసరికే పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వే జవాబు: అక్కడ కర్మకి చోటు లేదు, క్రియ అకర్మకం. ‘అన్నయ్య దేన్ని వెళ్ళాడు?’ కూడా అంతే. ఎవరూ అలా అడగరు, ‘ఎక్కడికి’ అని అడుగుతారు. విజయవాడ అక్కడ చేరవలసిన ఊరు. ‘విజయవాడకి’ అనవలసిన చోట ‘కి’ని మింగేశాం, అంతే. ‘విజయవాడను వెళ్ళాడు’ అని గుంటూరులోనే కాదు, ఏ ఊళ్ళోనూ అనరు.

అయితే ఊరి పేరో, నది పేరో కనిపించగానే అకర్మకమని పిల్లలు బట్టీ పడితే మళ్ళీ ఇంకో గోతిలో పడతారు. మీ ఊరి నుంచి విజయవాడ దారినే తీసుకోండి. ‘అన్నయ్య విజయవాడ వెళ్ళాడు’ అకర్మకం. ‘అన్నయ్య బ్యారేజీ దాటాడు’ అంటే? ‘దేన్ని దాటాడు?’ అన్న ప్రశ్న చక్కగా నిలబడుతుంది, ‘దాన్ని దాటాడు’ అనీ అనవచ్చు. కాబట్టి దాటు సకర్మకం. ‘విజయవాడ చేరుకున్నాడు’ అన్నప్పుడు ‘తీరాన్ని చేరుకున్నాడు, గమ్యాన్ని చేరుకున్నాడు’ అని రాస్తాం కాబట్టి చేరుకొను సకర్మకం వైపే మొగ్గుతుంది. ఒకే ప్రయాణం, మూడు క్రియలు. తేల్చేది ఊరు కాదు, క్రియ. ‘బస్సు ఎక్కాడు’, ‘బస్సు దిగాడు’ లాంటివి మాత్రం పిల్లలకి పరీక్షలో ఇవ్వకండి. ‘కొండను ఎక్కాడు’ అంటాం, ‘బస్సులో ఎక్కాడు’ అనీ అంటాం. అలాంటి క్రియలు గట్టు మీద కూర్చుంటాయి, పెద్దవాళ్ళే వాదించుకుంటారు.

‘మూడు కిలోమీటర్లు నడిచాడు’, ‘రెండు గంటలు నిద్రపోయాడు’ లాంటివీ ఇలాగే మోసం చేస్తాయి. అవి ‘ఎంత దూరం, ఎంతసేపు’ అన్నదానికి జవాబులు. ‘దేన్ని నడిచాడు?’ అంటే నోరు తిరగదు.

‘తాతయ్య తిన్నాడు’ సంగతి దీనికి తలకిందులు. అక్కడ కర్మ రాయలేదు, అంతేగానీ లేక కాదు. ‘తిన్నావా?’ ‘తిన్నాను’ అని రోజూ అనుకుంటాం, అన్నం మాట ఎత్తం. తెలుగులో కర్మను అలా దాచేయడం మామూలు. అందుకే వాక్యంలో కర్మ ఉందా అని కాకుండా, క్రియ పక్కన కర్మ పట్టే చోటుందా అని చూడాలి. ‘తాతయ్య దేన్ని తిన్నాడు?’ సరైన ప్రశ్నే. కాబట్టి సకర్మకం. ‘తాతయ్య దేన్ని నిద్రపోయాడు?’ పొసగదు. కాబట్టి అకర్మకం. ఇదే పాఠంలో పిల్లలకి సరదాగా ఉండేది ఇంకోటుంది. ‘తాతయ్య భోంచేశాడు’ అన్నప్పుడు ‘గోంగూర పచ్చడి భోంచేశాడు’ అనం, ‘గోంగూర పచ్చడితో భోంచేశాడు’ అంటాం. భోజనం అనే కర్మ క్రియ కడుపులోనే ఉంది కాబట్టి బయట ఇంకో కర్మకి చోటు లేదు. తిను సకర్మకమైతే, అదే అర్థమున్న భోంచేయు అకర్మకంలా నడుస్తుంది. అర్థం చూసి తేల్చవద్దని చెప్పడానికి ఇంతకంటే మంచి జత నాకు తోచడం లేదు.

ఇలా నామవాచకం పక్కన ‘చేయు’ కలిసిన క్రియలన్నిటినీ విడదీయకుండా ఒకే క్రియగా తీసుకుని అడగమనండి. ‘స్నానం చేశాడు’లో ‘దేన్ని స్నానం చేశాడు?’ నిలవదు, అకర్మకం. ‘శుభ్రం చేశాడు’లో ‘దేన్ని శుభ్రం చేశాడు?’ నిలుస్తుంది, సకర్మకం. విడదీసి ‘ఏమి చేశాడు? స్నానం’ అని అడిగితే లోకంలోని చేయు క్రియలన్నీ సకర్మకాలైపోతాయి.

ఇప్పుడు ‘నాకు ఆ సంగతి తెలుసు’. ఇది ఎనిమిదో తరగతికి ఇవ్వవలసిన ప్రశ్న కాదు. కానీ ఇచ్చారు కాబట్టి పిల్లలకి తేల్చి చెప్పాలి. ‘దేన్ని తెలుసు?’ అని ఎవరూ అడగరు. ఆ ఒక్క పరీక్షతో నమ్మకం కుదరకపోతే సంగతిని తీసేసి అక్కడ ఒక మనిషిని పెట్టమనండి. వస్తువుకైతే ‘ని’ని వదిలేయవచ్చు గానీ, మనిషి కర్మ స్థానంలో ఉంటే వదలడానికి వీల్లేదు. ‘ఆయన్ని చూశాను’ అనాలి, అదే అర్థంలో ‘ఆయన చూశాను’ అంటే తెలుగే కాదు. మరి తెలుసు దగ్గర? ‘నాకు ఆయన తెలుసు’ అంటాం, ‘ఆయన్ని తెలుసు’ అనం. మనిషిని పెట్టినా ‘ని’ రాలేదంటే అది కర్మ స్థానం కాదు. ‘నాకు ఆయన కావాలి’ కూడా ఇంతే. ‘నాకు ఆయన నచ్చారు’లో అయితే ఇంకా స్పష్టం. ‘ఆ పాట నచ్చింది, ఆ పాటలు నచ్చాయి, ఆయన నచ్చారు’ అని క్రియ తోక ఆ మాట వెంటే తిరుగుతోంది. క్రియ తోకను తిప్పే మాట కర్త. కర్మ ఎన్నడూ తోకను తిప్పదు.

ఇంగ్లీషు మీడియం పిల్లలు ఇక్కడ ఎక్కువ తడబడతారు. ఇంగ్లీషులో ‘నో, లైక్, వాంట్’ మూడూ సకర్మకాలే. మనసులో ఇంగ్లీషులోకి మార్చుకుని జవాబు తెలుగులో రాస్తారు. తేడా పిల్లాడిది కాదు, రెండు భాషలది. ఆ ఒక్క ముక్క చెప్పండి చాలు.

తోక పరీక్షను పాల వాక్యం మీద కూడా వాడవచ్చు. ‘పాలు పొంగాయి’లో పాలు తీసి సాంబారు పెడితే ‘సాంబారు పొంగింది’ అవుతుంది. తోక మారింది, కాబట్టి పాలు కర్తే. ఇప్పుడు గృహప్రవేశంలో అనే మాట తీసుకోండి: ‘వాళ్ళు పాలు పొంగించారు’. ఇక్కడ పాల బదులు పాయసం పెట్టినా ‘పొంగించారు’ అలాగే ఉంటుంది. తోక ‘వాళ్ళు’ వెంట ఉంది. ‘దేన్ని పొంగించారు?’ కూడా నిలుస్తుంది. రెండు వాక్యాల్లోనూ ‘పాలు’ అన్న మాటలో ఒక్క అక్షరం తేడా లేదు, అయినా ఒకదాన్లో కర్త, రెండోదాన్లో కర్మ.

పొంగు, పొంగించు లాంటి జతలు తెలుగులో కొల్లలు. విరిగింది, విరిచాడు. తడిసింది, తడిపింది. నిండింది, నింపింది. కాలింది, కాల్చాడు. మునిగింది, ముంచాడు. మొదటిది దానంతట అది జరిగినట్టు, రెండోది ఎవరో చేసినట్టు. ఇంగ్లీషులో ‘బ్రేక్’ అని ఒకే మాటతో రెండు పనులూ కానిస్తారు. మనకి అలా చాలావరకు కుదరదు, మాటే మారుతుంది. అందుకని ‘చు, పు, ఇంచు’తో జత ఉన్న క్రియ కనబడితే, జతలో మొదటిది సాధారణంగా అకర్మకం. సాధారణంగా అన్నాను, ఎప్పుడూ అనలేదు. ఎందుకంటే తిను, తినిపించు కూడా జతే, తినేమో సకర్మకం.

ఆ చిక్కు విప్పడానికి ఒక మంచి పరీక్ష ఉంది. నా లెక్కలో మొత్తం పాఠంలో గట్టిది ఇదే, కానీ నెమ్మదిగా చెప్పాలి. వాక్యంలో ఇంకొకరిని తెచ్చి ఆ పని చేయించండి. అప్పుడు పాత కర్త ఏ ప్రత్యయం తొడుక్కుంటాడో చూడండి. ‘పాప నవ్వింది’, ‘అమ్మ పాపని నవ్వించింది’. ‘పాప నడిచింది’, ‘అమ్మ పాపని నడిపించింది’. పాపకి ‘ని’ వచ్చింది, ఎందుకంటే కర్మ చోటు ఖాళీగా ఉంది కాబట్టి పాప వచ్చి అందులో కూర్చుంది. నవ్వు, నడుచు అకర్మకాలు. ఇప్పుడు ‘పాప అన్నం తింది’, ‘అమ్మ పాపకి అన్నం తినిపించింది’. ఈసారి కర్మ చోట్లో అప్పటికే అన్నం ఉంది. పాప ‘కి’ తొడుక్కుని పక్కకి జరగాల్సి వచ్చింది. అలాగే ‘పిల్లాడు పద్యం చదివాడు’, ‘మాస్టారు పిల్లాడి చేత పద్యం చదివించారు’. ‘ని’ వస్తే మొదటి క్రియ సాధారణంగా అకర్మకం, ‘కి’ గానీ ‘చేత’ గానీ వస్తే సకర్మకం.

ఈ పరీక్ష ఎక్కడ తప్పుతుందో కూడా చెప్పాలి. ‘రైతు కూతుర్ని చదివించాడు’ అంటాం. ‘ని’ వచ్చింది కదా, చదువు అకర్మకమా అని తెలివైన పిల్ల అడుగుతుంది. పద్యమో పుస్తకమో వాక్యంలో నుంచి తీసేసినందువల్ల చోటు ఖాళీ అయి కూతురు అందులోకి వచ్చింది. చదువు చెప్పించాడన్న అర్థం అక్కడ. కాబట్టి పరీక్ష మొదలుపెట్టే ముందు ‘దేన్ని’ అన్న ప్రశ్నకి జవాబును వాక్యంలో రాసుకోవాలి. రాసుకుంటే ఈ తప్పు రాదు.

తినిపించు దగ్గరికి వచ్చాం కాబట్టి ద్వికర్మకం సగం చెప్పేసినట్టే. ‘ఎవరికి, దేన్ని’ రెండూ క్రియే అడిగితే ద్వికర్మకం: ఇచ్చు, చెప్పు, చూపించు, పంపు, నేర్పు, పెట్టు, తినిపించు. ‘చెల్లికి మిరపకాయలు పంపాడు’ అంటే చెల్లి, మిరపకాయలు రెండూ కర్మలే. మిరపకాయలు ప్రధానం, చెల్లి గౌణం. అయితే ‘కి’ కనబడగానే గీత గీయకూడదు. ‘నాకు జ్వరం వచ్చింది’లో కి ఉంది, కర్మ ఒక్కటీ లేదు. ‘కష్టాలు వచ్చాయి’ అని మార్చి చూడండి, తోక తిరుగుతుంది, జ్వరం కర్త. ‘హైదరాబాదుకి మిరపకాయలు పంపాడు’లో కి ఉంది, కానీ ‘ఎవరికి’ కాదు, ‘ఎక్కడికి’. ఊరు మిరపకాయలు పుచ్చుకోదు. ‘పాపకి గాజులు కొన్నాడు’ కొంచెం నలిగే చోటు. ‘కొన్నాడు’ అనగానే ‘ఎవరికి’ అన్న వెలితి రాదు, తనకోసమే కొని ఉండవచ్చు. ‘ఇచ్చాడు’ అనగానే మాత్రం పుచ్చుకున్న మనిషి ఒకడు ఉండి తీరాలి. ఆ వెలితి ఉందా లేదా అన్నదే ఇక్కడ తూకం. అందుకని కొను సకర్మకమే, పాప అక్కడ అదనంగా వచ్చిన మాట.

ఇక మీ పిల్లాడి వాక్యం. ‘అమ్మ నన్ను ఒక మాట అడిగింది.’ ఎవరిని అడిగింది? నన్ను. ఏ మాట అడిగింది? ఒక మాట. రెండూ కర్మలే. ‘ఆ ప్రశ్నను రవిని అడిగాడు’ అని ‘ను, ని’ రెండిటికీ తగిలించినా వ్యాకరణం ఒప్పుకుంటుంది. చెవికి బరువని వస్తువు మీది ప్రత్యయాన్ని వదిలేస్తాం, అంతే. పైగా ద్వికర్మకమన్న మాట పుట్టింటి లెక్క చూస్తే పిల్లాడి పక్షమే బలంగా ఉంటుంది. సంస్కృత వ్యాకరణంలో ద్వికర్మక ధాతువుల పట్టికలో అడగడమనే అర్థమున్న యాచ్, ప్రచ్ఛ్ ధాతువులున్నాయి. ‘మాణవకం పంథానం పృచ్ఛతి’, అంటే కుర్రవాణ్ణి దారి అడుగుతున్నాడు అన్నది అక్కడ తరతరాలుగా చెప్పే ఉదాహరణ. రెండూ ద్వితీయా విభక్తిలోనే ఉన్నాయి. మనం బడిలో మొదట చెప్పే ‘ఇచ్చు’ విషయంలో మాత్రం పుచ్చుకునేవాణ్ణి సంస్కృతం కర్మ అనదు, సంప్రదానం అంటుంది. ‘కి’ ఉన్న మనిషిని కూడా కర్మ కింద లెక్కపెట్టడం ఇంగ్లీషు వ్యాకరణం చదువుల్లోకి వచ్చాక బాగా అలవాటైన పద్ధతి. పద్ధతి తప్పని నేననడం లేదు, తెలుగుకి అదీ పనికొస్తుంది. కానీ ‘కి లేదు కాబట్టి ద్వికర్మకం కాదు’ అనడం మాత్రం ఏ పద్ధతిలోనూ నిలవదు.

మీరిప్పుడేం చేయాలన్నదానికి నాకు రెండు మూడు దారులు కనిపిస్తున్నాయి. పిల్లలందరినీ కూర్చోబెట్టి ‘ఏమి’ని కొట్టేసి ‘దేన్ని, ఎవరిని’ అని రాయించడం ఒకటి. ఒక సాయంత్రం పోతుంది, ఇంటికెళ్ళి ‘మేడమ్ చెప్పింది తప్పట’ అని ఎవరో ఒకరు చెబుతారు, ఇంకో తండ్రి గుమ్మంలోకి రావచ్చు. ఏమీ అనకుండా కొత్త పద్ధతిలోకి జారుకోవడం ఇంకోటి. అప్పుడు గుమ్మం ప్రశాంతంగానే ఉంటుంది, కానీ పదకొండు నోటుపుస్తకాల్లో పాత వాక్యం అలాగే ఉండిపోతుంది. పరీక్ష ముందు రోజు పిల్లలు చదివేది నోట్సే కాబట్టి అదే మళ్ళీ రాస్తారు. నేనైతే మొదటిదానికే ఓటేస్తాను, నోట్సులో దిద్దుబాటు మీరే మీ చేత్తో వేస్తే ఇంకా మంచిది.

ట్యూషన్లు మానడం మీవారూ మీరూ కూర్చుని తేల్చుకోవలసినది. ఆయనకి ఒక్క సంగతి చెప్పండి: మారవలసింది పాఠం కాదు, ప్రశ్నలో ఒక మాట. మానేస్తే ఆ పదకొండు మంది ఆ తప్పు నియమాన్ని పట్టుకునే వేరేచోటికి వెళతారు.

ఆ తండ్రి విషయానికొస్తే, ఆయన అడిగింది ఆయన కొడుకు మార్కు గురించి. ఆ ఒక్క వాక్యంలో కొడుకుదే ఒప్పని మీరు చెప్పగలరు. మిగతా నాలుగింట్లో పొరపాటు మీ నియమానిదేనని కూడా అదే మాటల్లో చెప్పేయండి. చెప్పకపోతే బడికెళ్ళి ఐదు మార్కులూ అడుగుతారు, అక్కడ నాలుగు పోయేసరికి ఐదోదాన్ని ఎవరూ వినరు. బడికి మీరు వెళ్ళవచ్చు, ఆయన్ని పంపవచ్చు, లేదా వదిలేయవచ్చు. వదిలేస్తే పోయేది ఒక్క మార్కే, కానీ వచ్చే పరీక్షలో మళ్ళీ అడుగు అన్న క్రియే వస్తే పిల్లాడు భయపడి సకర్మకమని రాస్తాడు. తండ్రి వెళితే గొడవగా మొదలయ్యే అవకాశం ఎక్కువ. మీరు వెళ్ళేటట్టయితే తరగతి జరుగుతుండగా కాకుండా బడి వదిలాక వెళ్ళండి. ‘ఇది తప్పండీ’ అనకుండా, ‘ఈ వాక్యంలో నన్ను అన్నది ఏమవుతుందండీ?’ అని అడగండి. కర్మ అని దిద్దినవారే అంటే, ‘మరి మాట?’ అన్నది రెండో ప్రశ్న. ఇంకోసారి ఇలా జరగకుండా, ద్వికర్మకమని రాసిన ప్రతిచోటా కింద ‘కర్మలు: నన్ను, మాట’ అని చూపించడం పిల్లలకి అలవాటు చేయండి. చూపించిన జవాబును కొట్టేయడం దిద్దేవారికి కష్టం.